నూటికి 65 పైసల న్యూట్రాన్లు

2020 జులై 22న గుజరాత్‌లోని కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రంలో మూడో యూనిట్ క్రిటికల్ అయింది. టీవీలో కింద స్క్రోలింగ్ చూసి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏరా, గుజరాత్‌లో రియాక్టర్‌కి క్రిటికల్‌గా ఉందట, మనకేం కాదు కదా?" అంది. కరోనా రోజులవి. క్రిటికల్ అంటే ఐసీయూ, వెంటిలేటర్ తప్ప ఇంకో అర్థం ఎవరికీ తట్టని కాలం. ఆవిడ తప్పేమీ లేదు. "అది పుట్టిందని అర్థం పెద్దమ్మా, పోతోందని కాదు" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నా జవాబు నాకే చాలలేదు. సరిగ్గా చెప్పాలంటే రియాక్టర్‌కి క్రిటికల్ అంటే మామూలుగా నడుస్తున్న స్థితి. నెలల తరబడి కరెంటు ఇస్తూ ఒకే శక్తి దగ్గర కదలకుండా ఉన్న రియాక్టర్ ఆ నెలలన్నీ క్రిటికల్‌గానే ఉంటుంది.

యురేనియం-235 పరమాణువు ఒక న్యూట్రాన్‌ని మింగి రెండు ముక్కలవుతుంది. ఆ విచ్ఛిత్తిలో సగటున రెండున్నర దాకా కొత్త న్యూట్రాన్లు బయటపడతాయి. కొన్ని రియాక్టర్ అంచు దాటి పోతాయి, కొన్నిటిని విచ్ఛిత్తి చెందని పదార్థాలు మింగేస్తాయి. మిగిలినవి ఇంకో యురేనియం పరమాణువుని పగలగొడతాయి. ఒక తరంలో వంద న్యూట్రాన్లు ఉంటే, తర్వాతి తరంలో ఎన్ని ఉన్నాయో చెప్పే నిష్పత్తినే k అంటారు, న్యూట్రాన్ల గుణకం అని. వందకి వందే వస్తే k = 1. అదే క్రిటికల్. వందకి తొంభై తొమ్మిది వస్తే మంట ఆరిపోతుంది. వందకి నూట ఒకటి వస్తే పెరుగుతూ పోతుంది.

ఇక్కడిదాకా ఇంటర్ పుస్తకంలోనే ఉంటుంది. తేడా ఇంత సన్నగా ఉన్నప్పుడు, న్యూట్రాన్లని మింగే కడ్డీని చేత్తో లాగే మనిషి దాన్ని ఎలా అదుపులో పెట్టగలడు? ఈ ప్రశ్న మాత్రం ఆ పుస్తకంలో కనపడదు. దీనికి జవాబు వెతకడానికి మొట్టమొదటి రియాక్టర్‌ కంటే మంచి చోటు లేదు. అందులో చల్లబరిచే నీళ్లు లేవు, కవచం లేదు, కంప్యూటర్ లేదు. కాబట్టి మన చూపుకి అడ్డమూ లేదు.

1942 డిసెంబర్ 2. షికాగో విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ స్టేడియం గ్యాలరీ కింద ఒక స్క్వాష్ కోర్టు. అందులో నల్లటి గ్రాఫైట్ ఇటుకలు 57 వరసలు పేర్చి, వాటి మధ్య యురేనియం ముద్దలు ఇరికించారు. ఈ ప్రయోగం నడిపిస్తున్న భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ మేడ మీది నుంచి పరికరాలు చూస్తున్నాడు. కింద జార్జ్ వైల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో ఉన్నది చెక్క మీద కాడ్మియం రేకు కొట్టిన కడ్డీ. కాడ్మియం న్యూట్రాన్లని ఆబగా మింగుతుంది. కడ్డీ లోపల ఉంటే k ఒకటికి లోపు, బయటికి లాగేకొద్దీ పెరుగుతుంది.

ఫెర్మీ ఆ రోజు ఉదయమంతా చేసింది ఒకటే పని. కడ్డీని కొంచెం లాగమనడం, న్యూట్రాన్ కౌంటర్ చప్పుడు వినడం, కాగితం మీద పెన్ను గీసే గీతని చూడటం, స్లైడ్ రూలు మీద లెక్క వేసుకోవడం. k ఒకటికి లోపే ఉన్నా కౌంటు పెరుగుతుంది. యురేనియం తనంతట తానే అప్పుడప్పుడు చీలి కొన్ని న్యూట్రాన్లని ఇస్తూనే ఉంటుంది కదా, ఆ కొద్దిపాటి న్యూట్రాన్లని ఇటుకల గుట్ట 1/(1-k) రెట్లు చేసి చూపిస్తుంది. k 0.9 అయితే పది రెట్లు, 0.99 అయితే వంద రెట్లు, 0.999 అయితే వెయ్యి రెట్లు. కాకపోతే ఎంత పెరిగినా ఒక చోట ఆగుతుంది. పెన్ను పైకి లేస్తుంది, వంగుతుంది, అడ్డంగా సాగుతుంది. ఒకటికి దగ్గరయ్యేకొద్దీ ఆ వంపు రావడానికి ఎక్కువ సేపు పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లకి ఆ ఆలస్యమే మొదటి కబురు.

పదకొండున్నర ప్రాంతంలో దభీమని చప్పుడైంది. అందరూ ఉలిక్కిపడ్డారు. అత్యవసర కడ్డీ దానంతట అదే లోపలికి పడిపోయింది. అది పడాల్సిన హద్దుని మరీ కింద పెట్టడమే కారణం. ఫెర్మీ భోజనానికి పోదామన్నాడు. నాకు ఆ రోజు మొత్తంలో బాగా నచ్చే ఘట్టం ఇదే. చరిత్రలో మొదటి రియాక్టర్‌కి అంత దగ్గర్లో ఉండి ఆకలేస్తోందని లేచి వెళ్లగలిగాడంటే, ఇది తన చెయ్యి దాటి పోయేది కాదన్న నమ్మకం లెక్కలోంచి వచ్చి ఉండాలి.

మధ్యాహ్నం 3:25కి వైల్ చివరి కడ్డీని ఇంకో అడుగు లాగాడు. ఈసారి పెన్ను వంగలేదు. పైకి పోతూనే ఉంది. అప్పుడు k విలువ 1.0006.

దీన్ని మన ఊరి వడ్డీ లెక్కలో చూద్దాం. 1.0006 అంటే తరానికి నూటికి ఆరు పైసలు. ఊళ్లో ఎవరూ ఇవ్వనంత చవక వడ్డీ. కాకపోతే ఇది చక్రవడ్డీ, పైగా తరం తరానికీ పడుతుంది. నూటికి ఆరు పైసల మీద అసలు రెట్టింపు కావాలంటే సుమారు 1155 తరాలు కావాలి. కాబట్టి అసలు ప్రశ్న వడ్డీ ఎంత అని కాదు, తరం ఎంతసేపు అని.

విచ్ఛిత్తి జరిగిన వెంటనే, ఊహకందనంత తక్కువ సమయంలో, న్యూట్రాన్లు బయటికి వస్తాయి. గ్రాఫైట్‌లో కార్బన్‌కి గుద్దుకుంటూ గుద్దుకుంటూ వేగం తగ్గి, తిరిగి తిరిగి, ఇంకో యురేనియంలో దూరేసరికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. తరం ఒక మిల్లీసెకను అయితే 1155 తరాలకి 1.155 సెకన్లు. అంటే సెకనుకి కొంచెం ఎక్కువ సేపటికోసారి శక్తి రెట్టింపు కావాలి. నిమిషంలో 52 సార్లు రెట్టింపు, అంటే 45 కోట్ల కోట్ల రెట్లు. అర వాటు శక్తి దగ్గర మొదలైనా సరే, నిమిషం పూర్తికాకముందే ఆ ఇటుకల గుట్ట మిగలదు. వైల్ కడ్డీని తిరిగి తోసేలోపు కథ అయిపోవాలి.

కానీ ఆ రోజు అలా జరగలేదు. రెట్టింపు కావడానికి దాదాపు రెండు నిమిషాలు పట్టింది. అరవాటు దగ్గర దాన్ని హాయిగా చూస్తూ నిలబడ్డారు. మొదలైన 28 నిమిషాలకి, 3:53కి, అత్యవసర కడ్డీని లోపలికి వెయ్యమని ఫెర్మీ చెబితే ఆగింది. లెక్క సెకను అంటే గుట్ట రెండు నిమిషాలు తీసుకుంది. వంద రెట్ల తేడా. ఈ తేడాకి కారణం ఫెర్మీకి ముందే తెలుసు. 1939లోనే వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థలో రాబర్ట్స్, మెయర్, వాంగ్ అనే ముగ్గురు ఒక సంగతి గమనించారు. యురేనియం మీద న్యూట్రాన్లని పంపడం ఆపేశాక కూడా అందులోంచి న్యూట్రాన్లు కొంతసేపు వస్తూనే ఉన్నాయి.

అవి ఎక్కడివో తెలుసుకోవాలంటే ఒక్క పరమాణువుని వెంబడించాలి. యురేనియం చీలినప్పుడు పుట్టే ముక్కల్లో ఒకటి బ్రోమిన్-87. దీనిలో న్యూట్రాన్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ఆ బరువు దించుకోవడానికి ఒక ఎలక్ట్రాన్‌ని బయటికి నెట్టి క్రిప్టాన్-87 అవుతుంది. ఇది వెంటనే జరగదు. ఇవాళ వంద బ్రోమిన్-87 పరమాణువులు ఉంటే అందులో సగం మారడానికి 55 సెకన్లకి పైగా పడుతుంది. ఇలా పుట్టిన క్రిప్టాన్‌లో ఎక్కువ భాగం మామూలుగానే సర్దుకుంటుంది. కొన్ని మాత్రం విపరీతమైన ఉద్రేకంతో పుడతాయి. క్రిప్టాన్-87లో 51 న్యూట్రాన్లు. కేంద్రకాల ప్రపంచంలో 50 చాలా నిలకడైన అంకె. ఆ పైన ఒకటి ఊగిసలాడుతూ ఉంటుంది, దాన్ని విసిరేసి క్రిప్టాన్-86గా కుదుటపడుతుంది. విసిరెయ్యడం క్షణంలో అయిపోతుంది. అంటే ఆలస్యం చేసింది న్యూట్రాన్ కాదు, దాని తల్లి. బ్రోమిన్ నిమిషం పాటు కాలు కదపకుండా కూర్చుంది, అంతే.

ఇలాంటి తల్లులు చాలా ఉన్నాయి. అయోడిన్-137 ఇంకొకటి, దాని సగం కాలం 24 సెకన్లకి కాస్త పైన. మరికొన్ని సెకనులోపే తేలిపోతాయి. లెక్కల సౌకర్యం కోసం వీటన్నిటినీ ఆరు గుంపులుగా చేశారు. అన్నీ కలిపి, ఎంతెంత వాటా ఇస్తాయో చూసి సగటు తీస్తే ఆలస్యం 13 సెకన్ల దాకా వస్తుంది. యురేనియం-235 విషయంలో మొత్తం న్యూట్రాన్లలో వీటి వాటా 0.0065. మన భాషలో నూటికి 65 పైసలు. మిగతా 99 రూపాయల 35 పైసలు వెంటనే వచ్చే రకం, వాటిని ప్రాంప్ట్ న్యూట్రాన్లు అంటారు. ఆలస్యంగా వచ్చేవి డిలేడ్ న్యూట్రాన్లు.

ఇప్పుడు తరం సగటు లెక్క మళ్లీ వేద్దాం. 99.35 శాతం న్యూట్రాన్లకి తరం ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు. 0.65 శాతానికి 13 సెకన్లు. మొదటి వాటా సగటుకి ఇచ్చేది 0.001 సెకను. రెండో వాటా ఇచ్చేది 0.0845 సెకను. కలిపితే 0.0855. పిడికెడు మంది సగటుని 85 రెట్లు సాగదీశారు. దీన్ని 1155 తరాలతో గుణిస్తే 99 సెకన్లు. రెట్టింపు కావడానికి దాదాపు రెండు నిమిషాలు పట్టిందన్న మాటకి ఈ చేతిలెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

ఇందులో ఇంకో విశేషం ఉంది. మొదటి వాటాని సున్నా చేసి చూడండి. దాదాపు ఏమీ మారదు. నీళ్లతో నడిచే రియాక్టర్లలో ప్రాంప్ట్ న్యూట్రాన్ తరం గ్రాఫైట్‌లో కంటే చాలా పొట్టి, సెకనులో లక్షవ వంతుల్లో ఉంటుంది. అయినా ఆరు పైసల మిగులు దగ్గర అది కూడా దాదాపు అంతే నెమ్మదిగా పెరుగుతుంది. గడియారాన్ని నడిపేది బ్రోమిన్ లాంటి తల్లులు కాబట్టి, యురేనియం-235తో నడిచే రియాక్టర్ ఏ రకమైనా వేగం దాదాపు ఒకటే.

సగటు లెక్క జవాబు చెబుతుంది కానీ కారణం చూపించదు. కారణం ఇది. k 1.0006 ఉన్నప్పుడు ఒక తరానికి వచ్చే నూరు రూపాయల ఆరు పైసల్లో సుమారు 65 పైసలు ఇంకా చేతికి రాలేదు, బ్రోమిన్ దగ్గర బాకీ ఉంది. అప్పటికప్పుడు చేతిలో ఉన్నది 99 రూపాయల 41 పైసలే. అంటే ప్రాంప్ట్ న్యూట్రాన్ల మటుకే చూస్తే k విలువ 0.9941, ఒకటికి లోపు. వాటంతట వాటికి వదిలేస్తే ఆ గొలుసు ఆరిపోతుంది. ఆలస్యపు న్యూట్రాన్ ఒకటి వచ్చి పడుతుంది, దాని వల్ల ఒక నూట డెబ్బై దాకా న్యూట్రాన్లు గబగబా పుట్టి పోతాయి, మళ్లీ నిశ్శబ్దం. ఇంకో బ్రోమిన్ తేలేదాకా. రియాక్టర్ అంటే ఒకే ఒక్క అఖండ జ్యోతి అనుకుంటాం గానీ, లోపల జరిగేది ఎప్పటికప్పుడు ఆరిపోతున్న చిన్న చిన్న మంటల్ని ఆలస్యంగా వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ వెలిగించడం.

అందుకే మిగులు 65 పైసలు దాటకూడదు. దాటితే ప్రాంప్ట్ న్యూట్రాన్లకి ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. బ్రోమిన్ కోసం ఆగే పని లేదు. దాన్ని ప్రాంప్ట్ క్రిటికల్ అంటారు. మిగులు 70 పైసలు అనుకోండి. అందులో ప్రాంప్ట్ వాటా అయిదు పైసలే. అయినా నీటి రియాక్టర్‌లో తరం 0.00005 సెకను అనుకుంటే సెకనులో పదిహేనో వంతులో శక్తి రెట్టింపు అవుతుంది. ఆరు పైసల దగ్గర వంద సెకన్లు, డెబ్బై పైసల దగ్గర కనురెప్ప పాటు కంటే తక్కువ. పైన నేను వేసిన సగటు లెక్క ఇక్కడ చెల్లదు. మిగులు 65 పైసలకి బాగా తక్కువగా ఉన్నప్పుడే దాన్ని నమ్మాలి. రియాక్టర్ నడిపేవాళ్లు ఈ 65 పైసలనే ఒక డాలర్ అంటారు, వడ్డీ పోలిక నా ఒక్కడిదే కాదన్నమాట. ఆ కొలతలో ఫెర్మీ ఆ రోజు వాడుకున్నది తొమ్మిది సెంట్లు.

డాలర్ దాటితే ఏమవుతుందో 1961 జనవరి 3న అమెరికాలోని ఐడహోలో తెలిసింది. ఎస్‌ఎల్-1 అనే చిన్న సైనిక రియాక్టర్, మూడు మెగావాట్ల ఉష్ణశక్తికి కట్టింది. ఆపి ఉన్న రియాక్టర్‌లో ముగ్గురు మరమ్మతు పని మీద ఉన్నారు. నడిమి కడ్డీని చేత్తో నాలుగు అంగుళాలు ఎత్తితే సరిపోయే పని. అది 20 అంగుళాల దాకా పైకి వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు, ముగ్గురూ చనిపోయారు. శక్తి కొన్ని మిల్లీసెకన్లలో సుమారు 20 వేల మెగావాట్లకి ఎగబాకింది. ఇంధనం కరిగి ఆవిరై, నీళ్లు ఒక్కసారిగా పైకి లేచి మూతని గుద్దాయి. ఆ దెబ్బకి రియాక్టర్ పాత్ర మొత్తం తొమ్మిది అడుగులు ఎగిరింది. నీళ్లు చెదిరిపోవడంతో k పడిపోయి దానంతట అది ఆగింది. ఆ మిల్లీసెకన్లలో మనిషి గానీ, మోటారు గానీ చెయ్యగలిగింది ఏమీ లేదు. దాని తప్పు వడ్డీ రేటులో లేదు, డిజైన్‌లో ఉంది. ఒక్క కడ్డీని ఎత్తితే డాలర్ దాటిపోయేలా రియాక్టర్ కట్టకూడదు. తర్వాతి రియాక్టర్లని ఏ ఒక్క కడ్డీ పూర్తిగా బయటికొచ్చినా ఆపగలిగేలా కడుతున్నారు.

ఆలస్యపు న్యూట్రాన్లు ఇచ్చేది టైము ఒక్కటే, అదీ గుర్తుపెట్టుకోవాలి. అవి శక్తిని తగ్గించవు. ఆ పని ఇంధనం వేడెక్కినప్పుడు యురేనియం-238 మరికొన్ని న్యూట్రాన్లని మింగడం వంటి వేరే గుణాలది. ఆ గుణాలు సరిగ్గా ఉంటే డాలర్ దాటినా బతకొచ్చు. ట్రిగా అనే పరిశోధన రియాక్టర్లని కావాలనే డాలర్ దాటించి, ఒక్క మెరుపులా శక్తి పుట్టించి, ఇంధనం వేడికి దానంతట అది ఆగేలా చేస్తారు.

ఇక 65 పైసలు అన్నది యురేనియం-235 వాటా. అన్ని ఇంధనాలూ ఇంత ఉదారంగా ఉండవు. ప్లుటోనియం-239 అయితే 21 పైసలు. థోరియం నుంచి తయారయ్యే యురేనియం-233 అయితే 27 పైసల దరిదాపు. థోరియం మీద మన దేశం పెట్టుకున్న ఆశలు ఈ యురేనియం-233 మీదే ఆధారపడి ఉన్నాయి, దాన్ని చిన్నగా ఒకచోట నడిపి చూశారు. కల్పాక్కంలో కామిని అనే 30 కిలోవాట్ల రియాక్టర్ 1996లో యురేనియం-233తో క్రిటికల్ అయింది. డాలర్ చిన్నదైతే రియాక్టర్ నడపలేమని కాదు. కడ్డీ లాగే వేగం తగ్గించాలి, ఒక్కో కడ్డీకి k ని మార్చే సత్తా తగ్గించాలి, శక్తి పెరిగే తీరు చూపే మీటరుకి హద్దు బిగించాలి. కాక్రాపార్‌లో మాత్రం మామూలు యురేనియమే, ఇంకొంచెం సావకాశం కూడా ఉంది. అక్కడ వాడే భారజలంలోని డ్యుటీరియం మీద గామా కిరణాలు పడినప్పుడు అదనంగా కొన్ని న్యూట్రాన్లు రాలతాయి. అవి కూడా ఆలస్యంగా వచ్చే జాతిలోనే లెక్క.

ఈ బ్రోమిన్ ఆపేటప్పుడు కూడా తన మాట నెగ్గించుకుంటుంది. కడ్డీలన్నీ ఒక్కసారిగా పడేసి నూటికి అయిదు రూపాయలు తగ్గించారనుకోండి. ప్రాంప్ట్ న్యూట్రాన్లు క్షణంలో ఆరిపోతాయి, విచ్ఛిత్తి శక్తి ఒక్క దెబ్బకి పదకొండు, పన్నెండు శాతానికి పడుతుంది. ఆ తర్వాత మాత్రం మీరు ఇంకెన్ని కడ్డీలు తోసినా తొందరపడదు. అప్పటికే పుట్టి కూర్చున్న తల్లులు తేలుతూ ఉండాలి కదా. పొట్టివి ముందు అయిపోతాయి, చివరికి బ్రోమిన్-87 ఒక్కటే మిగులుతుంది. అప్పటి నుంచి ప్రతి 55 సెకన్లకి సగం, ప్రతి 55 సెకన్లకి సగం. భారజలం లేని యురేనియం రియాక్టర్ ఏదైనా సరే, కంట్రోల్ రూములో ఆ గీత వాలే తీరు అదే.